పుంగనూరు దాకా వెళ్లిన క్షమాపణ

క్షమాపణ రాయడంలో నాకున్నంత అనుభవం మదనపల్లెలో ఇంకెవరికీ లేదని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఒక్క ఎండాకాలంలో నలభై రెండు రకాలుగా రాశాను. కార్డు రానందుకు, వచ్చిన కార్డు పని చేయనందుకు, పని చేసే కార్డును మిషను మింగేసినందుకు, ఫోనులో ఆగమన్నందుకు, ఆగమని చాలాసేపు ఆపినందుకు. అన్నీ ఒక బ్యాంకు తరఫున. నా తరఫున ఒకే ఒక్కటి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఏమైందో ఇప్పుడు రాస్తున్నాను. ఇన్నేళ్లయినా నాకది సగమే అర్థమైంది.

నాకు బస్టాండు దగ్గర డీటీపీ సెంటరు ఉండేది. తొంభైలలో అదే గదిలో టైపు నేర్పేవాణ్ణి. టైపు మిషన్లకు కాలం చెల్లాక రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు పెట్టి పెళ్లి పత్రికలు, టమోటా మండీల బిల్లు పుస్తకాలు, స్కూళ్ల కరపత్రాలు చేసేవాణ్ణి. తెలుగులో తప్పుల్లేకుండా కొడతానని పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. పత్రికలో 'ఆహ్వానము' అని రాసుకొస్తే 'ఆహ్వానం చాలు, ము ఎందుకు' అని పెళ్లివాళ్లతో వాదించేవాణ్ణి. వాళ్లు డబ్బులిచ్చి మరీ నాతో తిట్లు తినేవాళ్లు.

ఆ రోజుల్లో కుప్పంలో ఒక కాల్ సెంటరు మొదలైంది. చుట్టుపక్కల ఊళ్లలో డిగ్రీ చదివిన పిల్లలను తీసుకుని, ఎక్కడో ఉన్న ఒక బ్యాంకుకు వచ్చే తెలుగు ఫోన్లకు వాళ్ల చేత జవాబు చెప్పించేవారు. అక్కడ సూపర్‌వైజరుగా చేరినావిడ ఒకప్పుడు నా దగ్గర టైపు నేర్చుకున్న అమ్మాయే. ఒక ఉదయం ఫోను చేసింది.

"సార్, మా పిల్లోళ్లు ఫోనులో ఏమి మాట్లాడాల్నో అంతా ఇంగ్లీషులో రాసిచ్చినారు. దాన్ని తెలుగు చేయాల. మీరు తప్ప నాకింకెవురూ గుర్తుకు రాలేదు."

ఆ మాటకు నేను పొంగిపోయాను. తరువాత వచ్చిన కష్టాలన్నీ ఆ పొంగు వల్లనే.

కాగితాలు వచ్చాయి. ప్రతి పుట మూడు గడులుగా ఉంది. మొదటి గడిలో కస్టమర్ కష్టం, రెండో గడిలో మన పిల్లలు చదవాల్సిన మాటలు, మూడో గడిలో హెచ్చరికలు. కస్టమర్ పేరు వచ్చేచోట, ఫిర్యాదు నంబరు వచ్చేచోట ఖాళీ వదలాలి. ముందు పలకరింపు, తరువాత మీ బాధ మాకు అర్థమైంది అనే మాట, తరువాత క్షమాపణ, తరువాత వాళ్లు ఎవరో తేల్చుకునే ప్రశ్నలు, ఆ తరువాతే పని. చివర 'ఇంకేమైనా సహాయం కావాలా' అని అడిగి ధన్యవాదాలు చెప్పి ముగించాలి. ఈ వరస తప్పకూడదు. మొదటి పుట మీదే పెద్ద అక్షరాలతో ఒక మాట ఉంది. క్షమాపణ కోరుతున్నట్టు ఉండాలి, కానీ బ్యాంకు హుందాతనం తగ్గకూడదు. కింద చిన్న అక్షరాలతో ఇంకోటి. అసౌకర్యానికి విచారం తెలపాలి, తప్పు బ్యాంకుదని మాత్రం ఎక్కడా ఒప్పుకోకూడదు.

దాన్ని నాలుగుసార్లు చదివాను. తప్పు చేయనివాడు క్షమాపణ ఎందుకు అడుగుతాడు? అడిగాక తప్పు చేయలేదని ఎలా అంటాడు? మా ఆవిడను అడిగాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ, "మీరు రోజూ సేసేది అదే గదా," అంది.

పనికి కూర్చున్నాను. మొదటి మాటే అడ్డం పడింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఉన్నట్టు రాస్తే 'ప్రియమైన కస్టమర్' అనాలి. ఇరవై ఏళ్ల పిల్ల ఊరూ పేరూ తెలియని మగవాణ్ణి ఫోనులో ప్రియమైన అని పిలిస్తే కాపురాలు నిలుస్తాయా? దాన్ని కొట్టేసి 'నమస్కారమండి' అని పెట్టాను. తరువాతది మరీ ఘోరం. 'మీకు అసౌకర్యం కలిగి ఉండవచ్చు, అందుకు మా క్షమాపణలు' అనాలట. కలిగి ఉండవచ్చు ఏమిటి? కార్డు మింగిన మిషను ముందర నిలబడి చెమటలు కక్కుతున్నవాడికి అసౌకర్యం కలిగి ఉండవచ్చు అంటే చెప్పు తీసుకోడా? చివరకు అందరూ రాసేదే రాశాను: 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.' ఇందులో తప్పెవరిదో లేదు, హుందాగా ఉంది, నాకు ఎక్కడో విన్నట్టుగా కూడా ఉంది.

అప్పట్లో నేను కొట్టిన తెలుగు నా కంప్యూటర్‌లోనే తెలుగు. అదే ఫైలు కుప్పంలో తెరిస్తే కోడి గీకినట్టు కనిపించేది, ఎందుకంటే వాళ్ల దగ్గర నా ఫాంటు లేదు. అందుకని ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి, పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులో స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి వచ్చేవాణ్ణి. పిల్లలకు తలా ఒక ప్రతి కుప్పంలో ఉండేది. ఇంకో ప్రతి బెంగళూరులో ఎవరి దగ్గరికో వెళ్లేది. ఆయన నా తెలుగును మళ్లీ ఇంగ్లీషు చేసేవాడు. తెలుగు రాని బ్యాంకు పెద్దలు ఆ ఇంగ్లీషును తమ ఇంగ్లీషుతో పోల్చి చూసి సరే అనేవాళ్లు. ఆయన్ను నేను ఎన్నడూ చూడలేదు.

సరే అన్నారు. పదిహేను రోజులకు సూపర్‌వైజరమ్మ మళ్లీ ఫోను చేసింది.

"సార్, చింతిస్తున్నాము అనంగానే ఫోను పెట్టేస్తాండారు."

"ఎందుకు?"

"రైలు స్టేషన్లో రైలు లేటని చెప్తారు సూడండి, ఆ గొంతనుకుంటాండారు. మిషను మాట్లాడతాండాదని పెట్టేసి మల్లా చేస్తారు. పిల్లోళ్లు మనుషులేనని నమ్మేది ల్యా. మనిషి చెప్పినట్ల ఏమన్నా రాయండి సార్."

అది నాకు గుచ్చుకుంది. నా తెలుగు మిషను తెలుగా? ఆ సాయంత్రమే కూర్చుని మార్చాను. మా ఊళ్లో మనిషి మనిషితో ఎలా చెప్పుకుంటాడో అలా రాశాను: 'తప్పు మాదేనండి. పెద్ద మనసుతో మన్నించండి.' రాసి పైకి చదువుకున్నాను. మనిషి మాటలాగే ఉంది. చిన్న అక్షరాల హెచ్చరిక గుర్తు లేక కాదు. గుర్తుంది. బెంగళూరాయన పట్టుకుని వెనక్కి పంపుతాడు, అప్పుడు చూసుకుందామనుకున్నాను. ఆయన పట్టుకోలేదు. 'మేము మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాము' అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషు చేసి పంపాడట. పాపం మర్యాదస్థుడు. నా వాక్యాన్ని నునుపు చేసి నన్ను కాపాడాననుకుని ఉంటాడు. బ్యాంకు సరే అంది.

రెండు నెలలు అంతా బాగుంది. ఎవరూ ఫోను పెట్టేయడం లేదని సూపర్‌వైజరమ్మ సంతోషపడింది. నేను బస్టాండు టీ కొట్టులో కూర్చుని, బ్యాంకులకు మాట్లాడటం నేర్పేది నేనేనని చెప్పుకుని తిరిగాను.

ఆ తరువాత ఒక సోమవారం మళ్లీ ఫోను. ఈసారి ఆమె గొంతు మారింది.

"సార్, ఒక పెద్దాయన తొమ్మిది మార్లు ఫోను చేసినాడు. కార్డు మిషన్లో ఇరుక్కున్యాది, బ్రాంచికి పోయి పాస్‌బుక్కు సూపిచ్చి తీసుకోమని మా పిల్ల చెప్పింది. అంతటితో అయిపోవాల. ఆయన బ్రాంచికి పోలేదంట. ఫోను చేసిన ప్రతిసారీ ఒకటే మాట. తప్పు ఒప్పుకున్న పిల్ల ఇంకా ఇంటికి రాలేదే అంటాడు."

"ఇంటికా? ఇంటికి ఎందుకు?"

"అదే తెలీక చస్తాండాము. వస్తానని మాటిచ్చి రాలేదని ఫిర్యాదు కింద ఎక్కించినారు. ఆ పిల్ల ఇంగా ప్రొబేషన్లో ఉండాది సార్, మీరొచ్చినప్పుడు పెన్సిలుతో గీతలు పెట్టుకునింది సూడండి, ఆ పిల్లే. మొదటి ఫోనులోనే పని తేలిపోవాలని మాకు రూలు. మల్లా ఎన్నిసార్లు ఫోనొస్తే అన్నీ మొదట మాట్లాడిన పిల్ల మీదనే పడతాయి. శనివారం లిస్టు పోతాది. ఈ ఫిర్యాదు అట్లే ఉంటే ఆ పిల్లను ఉంచుకోరు."

ఆమే మళ్లీ అడిగింది. "సార్, ఇంగ్లీషులో ఉండేదే రాసినారు గదా మీరు? ఏమీ మార్చలేదు గదా?"

"ఉన్నదే రాశాను," అన్నాను.

అంత గబుక్కున ఎలా వచ్చిందో ఆ అబద్ధం. నలభై రెండు క్షమాపణలు రాసినవాడికి ఒక్కటంటే ఒక్కటి నోట రాలేదు. మార్చానంటే బ్యాంకు పని పోతుంది, రెండో కంప్యూటర్ కంతు ఆ పని మీదే కడుతున్నాను. ఈ లెక్క నా బుర్ర వేసేసింది, నోరు పలికింది.

ఆ పిల్లను ఒకసారి చూశాను. మొదటి పుస్తకం ఇవ్వడానికి వెళ్లినప్పుడు అందరికీ ఎలా చదవాలో చెప్పాను. ముందు వరసలో కూర్చుని పెన్సిలుతో ప్రతి వాక్యం దగ్గర ఊపిరి తీసుకోవాల్సిన చోట గీతలు పెట్టుకుంది. తమిళం కలిసిన తెలుగు ఆమెది. పుస్తకంలోది చదివేటప్పుడు మాత్రం అక్షరం తప్పేది కాదు. 'సార్, ఇట్ల చదివితే నిజంగానే చెప్పినట్ల ఉంటాదా' అని అడిగింది. ఉంటుందని చెప్పాను.

మంగళవారం, బుధవారం పని చేయలేకపోయాను. ఒక పెళ్లి పత్రికలో పెళ్లికొడుకు తండ్రి పేరే ఎగిరిపోయింది. ఫోనులో మాట్లాడిన పిల్లను ఇంటికి రమ్మంటున్న ఆ పెద్దాయన ఎవరు? పోకిరీనా? పిచ్చివాడా? తొమ్మిదిసార్లు ఫోను చేసే ఓపిక ఉన్నవాడు ఒక్కసారి బ్రాంచికి ఎందుకు పోడు? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. సూపర్‌వైజరమ్మకే ఫోను చేసి ఆయన ఎవరని అడిగాను.

"కస్టమర్ వివరాలు నేను చెప్పగూడదు సార్," అంది. మళ్లీ తనే, "ఆయనే అందరికీ చెప్తాండాడు. పుంగనూరులో బస్టాండు వెనక పాత్రల అంగడి, ఎవుర్నడిగినా సూపిస్తారు, ఆ పిల్లను పంపించండి అని. అది నేను చెప్పినట్ల కాదు," అంది.

గురువారం పొద్దున బస్సెక్కాను.

అంగడి దొరకడం కష్టం కాలేదు. బయట స్టీలు బిందెలు, లోపల రాగి చెంబులు. గల్లాపెట్టె వెనక డెబ్బై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, మెడలో తువ్వాలు. నేను బ్యాంకు ఫోను గురించి వచ్చానని చెప్పాను. ఆయన కళ్లజోడు సవరించుకుని నా వెనక చూశాడు.

"ఆ పిల్ల రాలేదాప్పా?"

"లేదు. నేనొచ్చాను."

"నువ్వు ఆ పిల్లకేమవుతావు?"

ఏమవుతాను? ఆ ప్రశ్నకు బస్సులో నేను జవాబు సిద్ధం చేసుకోలేదు. "ఆ అమ్మాయి చెప్పిన మాటలు రాసింది నేనే," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నాకూ అది చెప్పడం చేతకాలేదు. ఇంగ్లీషులో ఒకరు రాస్తారు, నేను తెలుగు చేస్తాను, బెంగళూరులో ఇంకొకరు మళ్లీ ఇంగ్లీషు చేస్తారు, ఎక్కడో పెద్దలు సరే అంటారు, కుప్పంలో ఆ పిల్ల చదువుతుంది. ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"కార్డు మింగింది మిషను. తప్పు మాదేనని చెప్పింది ఆ పిల్ల. ఆ మాట రాసింది నువ్వు. మరి తప్పెవురిదప్పా?"

నిజంగానే నాకు తెలియలేదు.

"పోనీలే. దాన్ని తెగ్గొట్టాలనే గదా నేను ఆ పిల్లను రమ్మనింది," అన్నాడాయన. "అంత చిన్నపిల్ల, అంత మర్యాదగా, తప్పు మాదేనండి, పెద్ద మనసుతో మన్నించండి అనె. నా జన్మలో ఏ ఆఫీసోడూ నాతో ఆ మాట అనలేదప్పా. నేనూ మన్నిస్తినమ్మా అంటిని. మన్నిస్తే చాలునా? తప్పు ఒప్పుకున్నోళ్లు గడప తొక్కాల, మనం నీళ్లియ్యాల, వాళ్లు తాగాల. అప్పుడు గదా మాట తెగేది? నీళ్లియ్యకుండా వదిలేస్తే ఆ తప్పు నా మింద ఉండదా? అది తెగకుండా బ్రాంచికి పోయి కార్డడిగితే, మన్నించినట్ల మన్నించి మల్లా తగాదాకు పోయినట్ల గాదా?"

నేను బిందెల మధ్య అలాగే నిలబడిపోయాను. ఇది నాకు తెలియని సంగతి కాదు. కురబలకోట దగ్గర మా ఊళ్లో నా చిన్నప్పుడు పక్క చేనివాళ్ల గొర్రెలు మా వేరుశనగలో పడ్డాయి. మూడు నెలలు మాటల్లేవు. ఆ తరువాత ఆయన ఒక పొద్దున మా వాకిట్లోకి వచ్చి తప్పయిందన్నాడు. మా నాన్న ఒక్క మాటా అనకుండా లోపలికి చూశాడు. మా అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన నిలబడి గటగటా తాగాడు. అంతే, సాయంత్రానికి ఇద్దరూ ఒకే బీడీ కట్టలోంచి కాల్చుకుంటున్నారు. ఆ మాటలే ఎత్తి నేను బ్యాంకు కాగితంలో పెట్టాను. వాటి వెనకే నీళ్ల చెంబు వస్తుందని నాకు తట్టలేదు. ఫోనులో చెప్పిన మాటకు గడప ఉండదనుకున్నాను.

"పెద్దాయనా, మీరు ఫోను చేసిన ప్రతిసారీ ఆ పిల్ల మీద ఫిర్యాదుగా రాసుకున్నారు. శనివారం పనిలోంచి తీసేస్తారట," అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఫిర్యాదా? నేనా? నీళ్లిస్తాను రమ్మంటే ఫిర్యాదా?" గల్లాపెట్టె మీది ఫోను దగ్గరికి లాక్కున్నాడు. "ఎవురన్నా మన్నిస్తే పని పీకుతారప్పా? యాడ సూసినావు నువ్వు ఇట్లాంటి న్యాయం?"

వెంటనే బ్యాంకు నంబరుకు ఫోను చేశాడు. తెలుగుకు రెండు నొక్కమంటే రెండు నొక్కాడు. వేరే పిల్ల ఎత్తింది. ఆయన గట్టిగా మొదలుపెట్టాడు, ఆ పిల్ల మీద నాకేమీ లేదు, పనిలో ఉండనీండి అని. అవతల నా పుస్తకంలోని వరస మొదలైంది. ముందు మీ బాధ అర్థమైంది, తరువాత క్షమాపణ. రిసీవరు దూరంగా ఉన్నా నాకు వినిపించింది: తప్పు మాదేనండి, పెద్ద మనసుతో మన్నించండి.

పెద్దాయన ఫోను చేత్తో మూసి నా వైపు అయోమయంగా చూశాడు. "ఈ పిల్ల గూడా ఒప్పుకొనె గదప్పా! ఇంగ ఈమెను గూడా రమ్మనాలనా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోను పెట్టించేశాను. అది పదో ఫోను కింద ఎక్కి ఉంటుంది. ఇక కాగితం మీదే నమ్మకం పెట్టి, నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదని ఒక ఉత్తరం రాశాను. ఆయన సంతకం పెట్టాడు. వచ్చేముందు కొట్టులోంచి కొత్త చెంబు తీసి కడిగి నీళ్లు నింపి నాకిచ్చాడు.

"రాసినోడివి గదా. నువ్వు తాగు."

తాగాను. "ఆ పిల్లకు నువ్వే చెప్పుకో. నా పక్క తెగిపాయ," అన్నాడు.

మరునాడు శుక్రవారం కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఉత్తరం చేతిలో పెట్టి, వాక్యం నేనే మార్చానని, మార్చలేదని అబద్ధం చెప్పానని సూపర్‌వైజరమ్మతో అన్నాను. అంతా చెప్పేశాక గుండె తేలికవుతుందంటారు. నాకు అవలేదు. ఆమె ఉత్తరం చదివి, మడిచి, బల్ల మీద పెట్టింది.

"ఈ సంగతి సోమవారమే చెప్పింటే సరిపోయేది సార్. బ్యాంకోళ్లు లిస్టు రెండు దినాలు ముందరే అడిగినారు. నిన్న సాయంత్రం పంపిచ్చేస్తిమి. ఆ పిల్ల పొద్దున వచ్చి ఐడీ కార్డు ఇచ్చేసి పాయ."

"ఇప్పుడీ ఉత్తరం పంపితే?"

"ఫిర్యాదు మూసేస్తారు. కస్టమర్‌కు తృప్తి కలిగింది అని రాస్తారు. పిల్ల మాత్రం వెనక్కి రాదు." ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బ్యాంకుకు జరిగింది రాస్తానంది, రాసింది కూడా. నా పని పోయింది. పుస్తకంలో మళ్లీ 'చింతిస్తున్నాము' వచ్చి కూర్చుంది. అది ఈ రోజుకీ అక్కడే కూర్చుని ఉంటుంది.

ఆ పిల్ల ఇల్లు రైలు గేటు దాటాక ఉందని అక్కడివాళ్లు చెప్పారు. నడిచి వెళ్లాను. ఎండ మాడుతోంది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. పదిసార్లు కూర్చి పదిసార్లు చెరిపాను. పెళ్లి పత్రికలు దిద్దేవాడికి మాటలు కరువా? కరువే అయ్యాయి.

రేకుల ఇల్లు. వాకిట్లో ఆమె బట్టలు ఆరేస్తోంది. నన్ను గుర్తుపట్టి కొంగుతో చేతులు తుడుచుకుని నిలబడింది. లోపల నుంచి వాళ్లమ్మ ఎవరని తమిళంలో అడిగింది. 'ఆఫీసు వాళ్లు' అన్నట్టు ఏదో చెప్పింది. అరుగు మీద నా పుస్తకం ఉంది, అదే స్పైరల్ పుస్తకం, పెన్సిలు గీతలతో. దాన్ని వెనక్కి ఇమ్మని ఎవరూ అడగలేదనుకుంటాను.

నోరు తెరిచాను. వచ్చిన మాట ఇదీ: "అమ్మా, నీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను."

ఆమె నా మొహంలోకి చూసింది. "సార్, అది పుస్తకంలోది గదా," అంది. వెటకారంగా కాదు, మామూలుగా.

"తప్పు నాదమ్మా," అన్నాను అప్పుడు. "ఆ వాక్యం మార్చింది నేను. అడిగినప్పుడు మార్చలేదని చెప్పింది నేను. నువ్వు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివావు." పుంగనూరు పెద్దాయన సంగతి చెప్పాను, ఆయన నీళ్లివ్వడానికే ఫోన్లు చేశాడని చెప్పాను. ఆమె అంతా విన్నది. కస్టమర్ మాటకు అడ్డం రాకూడదని వాళ్లకు నేర్పుతారు, అలాగే విన్నది.

"పెద్దాయనకు కార్డొచ్చిందా సార్?" అని అడిగింది.

"ఇక వెళ్లి తీసుకుంటాడు."

తల ఊపింది. నేను నిలబడే ఉన్నాను. నా కళ్లు అనుకోకుండా గుమ్మం పక్కనున్న కుండ మీదికి పోయాయి. మూత మీద బోర్లించిన గ్లాసు ఉంది. ఆమె కూడా అటు చూసింది. ఏమాలోచించిందో నాకు తెలియదు. ఈ నీళ్ల పద్ధతి కుప్పంవాళ్లకు ఉందో లేదో కూడా నాకు తెలియదు. మా ఇద్దరి మధ్య తడిబట్టల నీళ్లు కారుతున్నాయి.

తరువాత ఆమె నిటారుగా నిలబడి, ఊపిరి తీసుకోవాల్సిన చోట ఊపిరి తీసుకుని, అక్షరం తప్పకుండా అంది.

"మీ సమస్యను మా దృష్టికి తెచ్చినందుకు ధన్యవాదాలండి. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

నేను రాసిన ముగింపే. నన్ను ఏడిపించడానికి అందో, ఆ క్షణంలో ఆమెకూ వేరే మాట దొరకలేదో, నిజంగానే మన్నించిందో నాకు ఇప్పటికీ తెలియదు. లేదమ్మా అన్నాను. అలా అంటే ఫోను పెట్టేయవచ్చని పుస్తకంలో ఉంది. ఆమె బకెట్టులోంచి ఇంకో చీర తీసి దులిపి ఆరేసుకుంది. నేను తిరిగి రైలు గేటు వైపు నడిచాను.

బస్టాండుకు వచ్చేసరికి నోరు పిడచకట్టింది. బస్సు కదిలేలోపు ఒక నీళ్ల ప్యాకెట్టు కొనుక్కుని పళ్లతో చింపి తాగాను. కొనుక్కున్న నీళ్లు లెక్కలోకి రావని పుంగనూరు దాటేటప్పుడు తెలిసింది.